ప్రసంగం మధ్యలో మాట మరిచిపోతే: సభ చేజారకుండా మళ్లీ దారిలో పడే పద్ధతి

హెచ్‌ఎం గారి పదవీ విరమణ సభకు పది రోజుల ముందు మా బడి లెక్కల మాస్టారు నాలుగు పేజీల కాగితాలు పట్టుకుని నా దగ్గరకొచ్చారు. ఆవిడ గురించి ఎనిమిది నిమిషాలు మాట్లాడాలి. రాసింది బాగుంది, బట్టీ కూడా పట్టేశారు. "ఒక్కసారి వింటారా మేడమ్" అని స్టాఫ్ రూములో నిలబడి మొదలుపెట్టారు. మూడో పేజీ మొదట్లో ఆగిపోయారు. పైకి చూశారు, "ఒక్క నిమిషం" అన్నారు, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. సరిగ్గా అదే చోట మళ్లీ ఆగారు. మూడోసారీ అంతే.

వక్తృత్వ పోటీలకు పిల్లల్ని తయారుచేసే పని ఇరవై ఏళ్లకు పైగా నా మీదే ఉంది. వేదిక మీద ఏడో తరగతి పిల్ల మధ్యలో ఆగిపోయి, పైకప్పు వైపు చూసి, మళ్లీ "గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులకు" దగ్గర్నుంచి గబగబా పరుగెత్తి, ఆ గుంట దగ్గరే మళ్లీ కూలబడటం ఎన్నిసార్లు చూశానో. పెద్దవాళ్లూ అదే చేస్తారు, కాస్త పెద్దమనిషి తరహాలో. ఆ గుంటను దాటే పద్ధతి ఒకటుంది. దాన్ని నేర్చుకోవచ్చు, నేర్పొచ్చు. లెక్కల మాస్టారితో ఆ పది రోజుల్లో ఏం చేశామో, సభ రోజు ఏం జరిగిందో చెబుతూ ఆ పద్ధతిని వివరిస్తాను.

అక్కడే ఎందుకు తెగుతుంది

బట్టీ పట్టిన ప్రసంగం గొలుసు లాంటిది. ఒక వాక్యం తోకే తర్వాతి వాక్యానికి పిడి. ఎక్కడైనా ఒక్క లంకె జారిందంటే చేతికి పట్టు దొరకదు, ఎందుకంటే తర్వాతి విషయానికి మీకు వేరే దారి లేదు. మొదటి నుంచి మళ్లీ ఎత్తుకున్నా అదే దారిలో నడిచి అదే గుంటకు చేరతారు.

మాస్టారి కాగితం తీసుకుని చూశాను. రెండో పేరా "అంతేకాకుండా" అని మొదలైంది. మూడోదీ "అంతేకాకుండా". నాలుగోది కూడా. పైగా రెండు పేరాలు "అది హెచ్‌ఎం గారికే చెల్లింది" అని ముగిశాయి. కళ్లతో చదివేటప్పుడు ఇదేమీ ఇబ్బంది పెట్టదు. నోటితో చెప్పేటప్పుడు మాత్రం "హెచ్‌ఎం గారికే చెల్లింది, అంతేకాకుండా" అనగానే మనసుకు రెండు మూడు తలుపులు ఒకేలా కనిపిస్తాయి. ఏది తెరవాలో తెలియక ఆగిపోతుంది. మీ ప్రసంగం ప్రతిసారీ ఒకే చోట తెగుతుంటే జ్ఞాపకశక్తిని అనుమానించే ముందు ఆ చోటికి ముందూ వెనకా ఉన్న వాక్యాలు చూడండి. అక్కడ పోలికైన మాటలు దాదాపు ఎప్పుడూ ఉంటాయి.

ఆగిన తర్వాత ఇంకొకటి మొదలవుతుంది. అప్పటిదాకా విషయం మీద ఉన్న ధ్యాస మన మీదకు తిరుగుతుంది. అందరూ చూస్తున్నారు, గుండె దడదడలాడుతోంది, చేతులు చెమట పడుతున్నాయి. ఒక సమయంలో మనసు ముందు నిలిచే విషయాలు కొన్నే. ఈ భయాలొచ్చి ఆ కాస్త చోటునూ ఆక్రమిస్తే మరిచిన వాక్యానికి తావుండదు. గట్టిగా వెతికే కొద్దీ తప్పు వాక్యమే మళ్లీ మళ్లీ వచ్చి అడ్డం నిలుచుంటుంది. నాలుక చివర ఆడే పేరు వెతుకుతుంటే రాక, వదిలేసి వంటింట్లోకి వెళ్లగానే తట్టడం అందరికీ అనుభవమే. ఇక్కడా అంతే. అందుకే ఈ పద్ధతికంతటికీ మూలం ఒకటే: పోయిన వాక్యాన్ని వెతకొద్దు. చేతిలో ఉన్న వాక్యాన్ని పట్టుకుని, దాని మీదుగా తర్వాతి గుర్తుకు దాటండి.

ఎంతటి వక్తకైనా ఇది తప్పదు. విన్‌స్టన్ చర్చిల్ కుర్రతనంలో ప్రసంగాలు బట్టీ పట్టేవారు. 1904 ఏప్రిల్ 22న బ్రిటన్ కామన్స్ సభలో కార్మిక సంఘాల బిల్లు మీద ముప్పావు గంట దాకా మాట్లాడి, ఒక వాక్యం మధ్యలో ఆగిపోయారు. ఎంత వెతికినా మిగతాది రాలేదు. విన్నందుకు సభ్యులకు కృతజ్ఞతలు చెప్పి కూర్చుండిపోయారు. ఆ తర్వాత నోట్సు లేకుండా ముఖ్యమైన ప్రసంగానికి లేచింది లేదు.

ముందుగా అయిదు మాటల చీటీ

వేదిక మీద ఏం చేయాలో చెప్పే ముందు జేబులో ఏముండాలో చెప్పాలి. అది లేకపోతే మిగతా మెట్లు సగమే పనిచేస్తాయి.

మాస్టారి నాలుగు పేజీలూ పక్కన పెట్టి, "ఇందులో ఎన్ని సంగతులున్నాయి?" అని అడిగాను. అయిదు తేలాయి. ఒక్కో సంగతికి కంటికి కనిపించే వస్తువు ఒకటి ఎంచమన్నాను. నిబద్ధత, క్రమశిక్షణ లాంటి మాటలు చీటీకి పనికిరావు. వాటిని చూస్తే ఏ బొమ్మా మెదలదు, ఒకదాని బదులు ఇంకొకటి పెట్టినా తేడా తెలియదు. చివరికి పోస్టుకార్డంత అట్టముక్క మీద ఆయన రాసింది ఇదీ:

గొడుగు
తాళంచెవి
ఉప్మా
టీసీ
వేపచెట్టు

గొడుగు: ఆయన ఉద్యోగంలో చేరిన రోజు ముసురులో హెచ్‌ఎం గారు కల్వర్టు దగ్గర గొడుగుతో నిలబడి పిల్లల్ని ఒక్కొక్కరినే దాటిస్తున్నారు. తాళంచెవి: అటెండర్ కంటే ముందొచ్చి గేటు తీసేది ఆవిడే. ఉప్మా: పదో తరగతి పిల్లల రాత్రి చదువులకు ఆవిడ ఇంటి నుంచి తెచ్చే గిన్నె. టీసీ: పెళ్లి చేసేస్తాం, టీసీ ఇమ్మని వచ్చిన తల్లిదండ్రులను కూర్చోబెట్టి మాట్లాడి ఒక అమ్మాయి చదువు నిలబెట్టిన సంగతి. వేపచెట్టు: ఆవిడ నాటింది, ఇప్పుడు అందరం దాని నీడలోనే కూర్చున్నాం అన్న ముగింపు.

వెనకవైపు రెండే వాక్యాలు, పూర్తిగా. ఒకటి మొదటి వాక్యం, రెండోది చివరి వాక్యం. బట్టీ పట్టాల్సింది ఈ రెండే. వేదిక మీదున్న వాళ్ల పేర్లు, హోదాలు కింద చిన్నగా. అక్షరాలు చేయి చాపిన దూరంలో కళ్లద్దాలు లేకుండా కనిపించేంత పెద్దవిగా ఉండాలి. ఫోన్‌లో రాసుకోవద్దు. ఆ క్షణాన స్క్రీన్ ఆరిపోయి ఉంటుంది, తడి వేలికి లాక్ తెరుచుకోదు. పైగా మీరు మెసేజీలు చూస్తున్నారనుకుంటారు జనం. పెద్ద కాగితమూ వద్దు, చేయి వణికితే అది మైకు ముందు గలగలలాడుతుంది. అట్టముక్క వణకదు.

మొదటి మెట్టు: ఆగిన వెంటనే నోరు మూసి ఊపిరి వదలండి

మాట ఆగిన క్షణాన నోరు ఏదో ఒకటి నింపాలని చూస్తుంది. "అంటే... ఏంటంటే... అదే మరి..." అని మొదలవుతుంది. సభకు తేడా తెలిసేది అక్కడే. మౌనం వాళ్లకు తేడాగా అనిపించదు. వక్త ఆలోచిస్తున్నాడనో, చెప్పిన మాట లోపలికి ఇంకనిస్తున్నాడనో అనుకుంటారు. కాబట్టి వాక్యం పూర్తయి ఉంటే నోరు మూయండి. సగంలో ఉంటే దాన్ని ఎలాగోలా ముగించి మూయండి.

తర్వాత ఊపిరి. గట్టిగా పీల్చుకోవద్దు, ముందు వదలండి. భయపడినప్పుడు ఛాతీ అప్పటికే గాలితో బిగిసి ఉంటుంది, దాని మీద ఇంకా పీలిస్తే బిగువు పెరుగుతుంది. ముక్కుతో నెమ్మదిగా మొత్తం వదిలితే తర్వాతి ఊపిరి దానంతటదే లోపలికొస్తుంది. మైకు నోటికి దగ్గరగా ఉంటే ముఖం కొద్దిగా పక్కకు తిప్పండి, లేకపోతే ఆ నిట్టూర్పు స్పీకర్లలో ఊళ్లోకి వినిపిస్తుంది. ఇదే సమయంలో పాదాలు రెండూ నేలకు ఆనుతున్నాయో లేదో చూసుకోండి. ధ్యాస ఒక్క క్షణం గుండె దడ నుంచి అరికాళ్లకు మారితే చాలు.

చూపు ఎక్కడ పెట్టాలన్నది చాలా ముఖ్యం. పైకప్పు వైపు చూస్తే "మరిచిపోయాడు" అని సభ అంతటికీ చాటినట్టే. సభలో ఒక మనిషి ముఖం మీద పెట్టండి, మొదటి వరుసలో కాదు, మూడు నాలుగు వరుసల వెనక. మొదటి వరుసలో పెద్దలుంటారు, వాళ్ల ముఖాల్లో ఏమీ కనిపించదు.

ఇదంతా మూడు నాలుగు సెకన్ల పని. మీకు మాత్రం యుగంలా ఉంటుంది. మాస్టారి అభ్యాసం ఫోన్‌లో రికార్డు చేశాను. "అక్కడ కనీసం పావు నిమిషం ఆగాను మేడమ్" అన్నారాయన. వినిపించి గడియారం చూపించాను, నాలుగు సెకన్లు. వక్త లోపలి గడియారం ఆ సమయంలో ఎంత తప్పుగా నడుస్తుందో ఎవరికి వాళ్లు ఒకసారి చెవులతో విని తెలుసుకోవాల్సిందే, చెబితే నమ్మరు.

నీళ్లు తాగడం మంచి ఎత్తే, కానీ సీసా మూత ముందుగానే వదులు చేసి పెట్టుకుంటేనే. వణికే చేతులతో కొత్త సీసా సీలు తీయడానికి తిప్పలు పడుతుంటే అందరి కళ్లూ ఆ మూత మీదే ఉంటాయి.

రెండో మెట్టు: చివర చెప్పినదాన్ని ఇంకో తీరులో చెప్పండి

ఈ పద్ధతికంతటికీ ఇదే గుండెకాయ.

అష్టావధానానికి వెళ్లినవాళ్లు గమనించే ఉంటారు. అవధాని ఒక పాదం చెప్పి ఊరుకోరు, రాసుకునే వాళ్ల కోసం నెమ్మదిగా ఇంకోసారి చెబుతారు. నోరు ఆ పాదాన్ని రెండోసారి పలుకుతుండగా మనసుకు ముందు మాట చూసుకునే వ్యవధి చిక్కుతుంది. బుర్రకథలో కథకుడు ఒక చరణం ముగించగానే వంతలు "తందాన తాన" అందుకుంటారు, ఆయనకు ఊపిరి తిరుగుతుంది. మన కళలన్నీ ఈ చోటును ముందే కట్టిపెట్టుకున్నాయి. ఒంటరిగా మాట్లాడే వక్త దాన్ని తానే కల్పించుకోవాలి.

అవే మాటలను అదే వరుసలో మళ్లీ చెబితే తెగిన గొలుసునే పట్టుకున్నట్టు, అదే గుంటలో పడతారు. మాటలు మార్చాలి. చెప్పిన సంగతిలోని ఒక వస్తువు పట్టుకుని దాని గురించి ఇంకో వాక్యం కలపండి: ఎలా ఉండేది, ఎవరున్నారు, ఏ కాలం. కథ చెప్పేటప్పుడు ఇలాంటి వివరాలు ఎవరికైనా దొరుకుతాయి, వాటిని బట్టీ పట్టనక్కర్లేదు. ఉప్మా దగ్గర ఆగిపోయారనుకోండి. "ఆ ఉప్మా గిన్నె ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. మూత తీస్తే కరివేపాకు వాసన గది దాటి వరండాలోకి వచ్చేది." ఈ రెండు వాక్యాలకు సభ మీతోనే ఉంటుంది, నిజానికి ఇంకా దగ్గరవుతుంది. మీకు ఎనిమిది పది సెకన్లు దొరికాయి. అంతకంటే ముఖ్యంగా ధ్యాస మీ మీద నుంచి లేచి విషయం మీదకు తిరిగింది.

వాక్యం కూడా తట్టకపోతే ప్రశ్న వేయండి. "ఆ ఉప్మా తిన్నవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారు?" అంటే చేతులు లేస్తాయి, నవ్వులు వినిపిస్తాయి. అయితే జవాబు తప్పకుండా వచ్చే ప్రశ్నే వేయాలి. జనం బిగుసుకుని కూర్చున్న సభలో ప్రశ్న వేసి జవాబు రాకపోతే ఒక మౌనం రెండవుతుంది.

దీనికి పరిమితి కూడా తెలుసుకోండి. ఒక సంగతి మీద రెండు మూడు వాక్యాలకు మించి తిరగొద్దు. నాలుగో వాక్యానికి ముందు మాట తట్టలేదంటే ఇక తట్టదు. కిందికి చూసే వేళయింది.

మూడో మెట్టు: చీటీని బాహాటంగా చూడండి, అవసరమైతే దాటేయండి

దొంగచాటుగా చూడటం వల్లే చీటీ అవమానంగా కనిపిస్తుంది. అరచేతిలో దాచి, మాట్లాడుతూనే ఓరకంటితో చూస్తే అక్షరాలూ కనిపించవు, మాటా తడబడుతుంది. ఒక వాక్యం ముగించండి. ఆగండి. తల దించి అట్టముక్క చూడండి. ఒక్క మాట తీసుకోండి. తల ఎత్తండి. ఒకరి ముఖం చూశాకే నోరు తెరవండి. తల దించి ఉండగా మాట్లాడకపోవడం ఒక్కటే ఇక్కడున్న నియమం.

ఏ మాట తీసుకోవాలి? మరిచిపోయిన సంగతి చీటీ చూడగానే వెలిగితే మంచిదే. వెలగకపోతే దాని కిందిది తీసుకోండి. మీరు రాసుకున్న కాగితం సభ దగ్గర లేదు. అయిదు సంగతుల్లో నాలుగే చెబితే ఒకటి పోయిందని మీకు తప్ప ఎవరికీ తెలియదు. మధ్యలో అది గుర్తొస్తే "ఇందాక ఒక సంగతి చెప్పకుండా వచ్చేశాను" అని చెప్పేయొచ్చు, అదేమీ తప్పు కాదు. గుర్తు రాకపోతే పోనివ్వండి.

దాటేయడం చెల్లని సందర్భాలు ఉన్నాయి. ప్రసంగ పాఠాన్ని ముందే పంచిపెట్టి ఉంటే సభకు తెలిసిపోతుంది. 2014 సెప్టెంబరులో బ్రిటన్ లేబర్ పార్టీ నాయకుడు ఎడ్ మిలిబాండ్ మాంచెస్టర్ మహాసభలో కాగితం లేకుండా గంటకు పైగా మాట్లాడుతూ బడ్జెట్ లోటు గురించిన భాగం మరిచిపోయారు. పాఠం అప్పటికే పత్రికల చేతుల్లో ఉండటంతో మర్నాడు ఆ లేని భాగమే వార్త అయింది. అలాగే వందన సమర్పణలో దాటేయడం కుదరదు. పేరు చెప్పని మనిషి ఎదురుగానే కూర్చుని ఉంటారు. వందన సమర్పణను కాగితం చూసే చదవాలి, అందులో నామోషీ ఏమీ లేదు.

ఇంకో చిక్కు మనమే తెచ్చిపెట్టుకుంటాం, అంకె చెప్పి. "ఆవిడ దగ్గర మూడు గుణాలు చూశాను" అంటే సభ వేళ్లు మడుస్తుంది. 2011 నవంబరు 9న అమెరికా అధ్యక్ష అభ్యర్థుల చర్చలో రిక్ పెర్రీ మూడు ప్రభుత్వ శాఖలు ఎత్తేస్తానని ప్రకటించి, రెండింటి పేర్లు చెప్పి, మూడోది ఎంత వెతికినా చెప్పలేకపోయారు. "కొన్ని శాఖలు" అని ఉంటే రెండు చెప్పి ముందుకు సాగిపోయేవారు. చీటీ చూసి చదివే పక్షంలో తప్ప అంకె ప్రకటించకండి.

సభ రోజు

వేపచెట్టు కింద షామియానా. ఊరి పెద్దలు, పాత విద్యార్థులు, మూడొందల మంది దాకా ఉన్నారు. మాస్టారు గొడుగు, తాళంచెవి చక్కగా చెప్పారు. ఉప్మా దగ్గరకొచ్చి, "కరెంటు పోయినా కొవ్వొత్తులు పెట్టి చదివించారు" అన్నారు. అక్కడ ఆగిపోయారు.

నేను పక్కన నిలబడి ఉన్నాను. ఆయన ఎడమ చేయి పోడియం అంచును గట్టిగా పట్టుకుంది. నోరు తెరిచి మూశారు. ముఖం కాస్త పక్కకు తిరిగింది, భుజాలు దిగాయి. అంటే ఊపిరి వదిలారు. నాలుగో వరుసలో ఒక పాత విద్యార్థి వైపు చూసి, నెమ్మదిగా, "ఆ కొవ్వొత్తులు కూడా ఆవిడ డబ్బుతోనే. పుస్తకం మీద మైనం పడితే గోటితో గీకి తీసేవాళ్లు పిల్లలు" అన్నారు. ఇది నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. ఎవరో "అవును సార్" అన్నారు వెనక నుంచి. ఆయన తల దించారు, అట్టముక్క చూశారు, తల ఎత్తారు.

"ఒకరోజు ఒక అమ్మ, నాన్న ఆఫీసు గదికొచ్చి టీసీ అడిగారు."

అంతే, సభ టీసీ కథలోకి వెళ్లిపోయింది. ఆగింది మొత్తం అయిదు సెకన్లు ఉంటుందేమో. ముందు రాసుకున్న పాఠంలో ఆ కథకు ముందు ఆడపిల్లల చదువు మీద నాలుగు వాక్యాల ఉపోద్ఘాతం ఉండేది. అదే పోయింది. పోవడమే మంచిదయింది, కథ నేరుగా గది తలుపు దగ్గర మొదలైంది. హెచ్‌ఎం గారు కొంగుతో కళ్లు ఒత్తుకున్నది అప్పుడే.

పేరు పోతే, వరుస పోతే

సంగతి కాక మనిషి పేరు పోవడం ఇంకో రకం. ముఖ్య అతిథి వైపు చెయ్యి చాపాక పేరు రాదు. ఇక్కడ తెలుగు మనకు సాయం చేస్తుంది, హోదాకు "గారు" చేరిస్తే నిండైన సంబోధన అవుతుంది. "మన సర్పంచ్ గారు", "మండల విద్యాధికారి గారు" అని సాగిపోండి, పేరు తర్వాత తట్టినప్పుడు కలపండి. నోటికొచ్చిన పేరు అనుమానంగా ఉంటే మాత్రం అనొద్దు. మౌనాన్ని మరిచిపోతారు కానీ తప్పు పేరును మరిచిపోరు.

మూడో రకంలో తప్పు మీది కాదు. మీరు మాట్లాడుతుండగా ఆలస్యంగా వచ్చిన అతిథిని వేదిక మీదకు పిలుస్తారు, చప్పట్లు, శాలువా, మైకు కీచుమంటుంది. అంతా సద్దుమణిగి మీ వైపు చూసేసరికి ఎక్కడున్నారో మీకు తెలియదు. దీనికి ముందుచూపు ఒకటే: అలికిడి మొదలవగానే చీటీ మీద మీరున్న మాట దగ్గర బొటనవేలు పెట్టి, సద్దుమణిగేదాకా తీయకండి. వేలు పెట్టడం మరిచిపోతే సభనే అడగండి, "ఎక్కడున్నాం మనం?" అని. ఈ సందర్భంలో అడగడం సహజంగానే ఉంటుంది, వాళ్లూ మీతో పాటే దారి తప్పారు కదా. ఎవరో ఒకరు తప్పకుండా అందిస్తారు.

ఏదీ పనిచేయకపోతే

ఊపిరి వదిలారు, వివరం కలిపారు, చీటీ చూశారు, అయినా అక్షరాలు అక్షరాల్లాగే కనిపిస్తున్నాయి. అప్పుడు నిజం చెప్పండి, ఒక్కసారి, ఒక్క వాక్యంలో. "చెప్పాల్సిన సంగతి జారిపోయింది, ఒక్క క్షణం ఇవ్వండి" అని. క్షమాపణలు, నిద్ర లేదనో, సమయం దొరకలేదనో సంజాయిషీలు వద్దు. సంజాయిషీ మొదలైతే ప్రసంగం హెచ్‌ఎం గారి గురించి ఆగిపోయి మీ గురించి మొదలవుతుంది, సభ జారేది అక్కడే. ధైర్యం చెప్పడానికి చప్పట్లు కొడితే ఒక నమస్కారం పెట్టి అందుకోండి. ఆ చప్పట్లు అయ్యేదాకా మీకు వ్యవధి.

అప్పటికీ రాకపోతే చీటీ తిప్పి, వెనక రాసుకున్న చివరి వాక్యం చదివి ముగించండి. మూడు నిమిషాలు మాట్లాడి చక్కటి వాక్యంతో దిగిన మనిషిని సభ మెచ్చుకుంటుంది, ఎక్కువసేపు మాట్లాడలేదని ఎవరూ లెక్కపెట్టరు. ఈ క్షణం కోసమే దాన్ని పూర్తిగా రాసి పెట్టుకోమన్నది.

ఒక హెచ్చరిక కూడా. మాట మరిచిపోవడం వేరు, పలకడమే రాకపోవడం వేరు. నాలుక మొద్దుబారినట్టు మాట ముద్దగా వస్తున్నా, మూతి ఒక పక్కకు వంగినా, ఒక చెయ్యి బలం తప్పినా అది సభా కంపం కాదు, పక్షవాతం కావచ్చు. నిమిషం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. వేదిక మీద పక్కనున్నవాళ్లు ఇది తెలుసుకుని ఉండాలి.

గుంటలో పడి లేవడాన్ని సాధన చేయండి

అందరూ తప్పు లేకుండా చెప్పడాన్ని సాధన చేస్తారు. తెగిన తర్వాత అతకడం ఎవరూ సాధన చేయరు కాబట్టి అది తెగిన రోజున కొత్తగా ఉంటుంది. మాస్టారు, నేను ఇలా చేశాం. రోజుకు ఒకసారి ఆయన నిలబడి మాట్లాడతారు. నేను ఎదురుగా కూర్చుని, నాకు తోచిన చోట, వాక్యం మధ్యలోనైనా, బల్ల మీద తడతాను. తట్టగానే ఆయన ఆపేయాలి. నోరు మూయడం, ఊపిరి వదలడం, చివరి సంగతికి కొత్త వివరం ఒకటి కలపడం, చీటీ చూడటం, తర్వాతి మాట. ఒక ప్రసంగంలో నాలుగు తట్లు. మొదటి రెండు రోజులు కలిపిన వివరం తడుముకుంటూ వచ్చింది. నాలుగో రోజు నుంచి ఆయన తట్టు కోసం ఎదురుచూడటం మొదలుపెట్టారు.

ఇంకో రోజు చీటీలోని మాటలను వరుస మార్చి చెప్పించాను, వేపచెట్టుతో మొదలుపెట్టి గొడుగుతో ముగించేలా. ఏ సంగతినైనా దాని ముందు సంగతి సాయం లేకుండా ఎత్తుకోగలిగితే గొలుసు తెగినా నష్టం లేదు. చివరి రెండు రోజులు నిలబడే, పెద్ద గొంతుతో, ఖాళీ తరగతి గదిలో. మంచం మీద కూర్చుని మనసులో అనుకుంటే వచ్చే ప్రసంగం నిలబడి గొంతు పెంచితే రాకపోవచ్చు.

సభకు ముందు రోజు రాత్రి పాఠంలో ఒక్క మాట కూడా మార్చవద్దని చెప్పాను. కొత్త వాక్యం పాత వాక్యాలతో ఇంకా సర్దుకుని ఉండదు, తెగేది దాని దగ్గరే. ఆయన ఒప్పుకున్నారు గానీ, మర్నాడు దిగొచ్చాక అట్టముక్క చూపిస్తే "ఉప్మా" పక్కన పెన్సిల్‌తో "కొవ్వొత్తి" అని రాసి ఉంది. "పాఠంలో ఏమీ మార్చలేదు మేడమ్, తట్టు పడితే ఉంటుందని" అన్నారు.

ఇప్పుడు మా పిల్లల చీటీల్లో కూడా ప్రతి మాట పక్కనా పెన్సిల్‌తో ఇంకో చిన్న మాట రాయిస్తున్నాను.